వంటింటి మాట: నిలువు చేప వేపుడు — గాట్లు, తడి, నూనె వేడి

గత నెల శ్రీముఖలింగం ప్రాంతం నుండి ఒక సహోదరి మన శీర్షికకు ఉత్తరం వ్రాశారు. ఇంటికి బంధువులు వస్తున్నారని సంతలో అరకిలో దాటిన చేపను కొని, ముక్కలు చేయకుండా నిలువునా వేయించాలని అనుకున్నారట. చేప నూనెలో పడగానే టపటప పేలింది. పక్కనే కూర్చున్న అత్తమ్మగారి ముంజేతిమీద నూనె చింది బొబ్బలు లేచాయి. ఇంత జరిగాక చేపను తీసి చూస్తే పైన చర్మం నల్లబడింది, సగం కళాయికి అంటుకొని ఊడింది, లోపల ముల్లు దగ్గర మాంసం ఇంకా ఎర్రగానే ఉంది. “ముక్కలు వేయిస్తే ఎప్పుడూ ఇలా కాలేదు. నిలువు చేపకు వేరే పద్ధతి ఉన్నదా?” అని ఆమె అడిగారు.

ఉన్నది. ఆమె వ్రాసిన కష్టాలన్నిటికీ కారణాలు రెండే. నూనె చిందడానికీ, చర్మం అంటుకోవడానికీ కారణం తడి. పైన మాడి లోపల పచ్చిగా ఉండడానికి కారణం మందం. ఈ రెండూ అర్థమైతే గాట్లు ఎందుకు పెట్టాలో, నూనె ఎంత కాగాలో, ఎన్ని నిమిషాలు ఉంచాలో వాటంతటవే తెలుస్తాయి.

ముందు చేప ఎంపిక సంగతి చూద్దాం. శ్రీముఖలింగం వంశధార ఒడ్డున ఉన్న ఊరు. అదే ఏరు కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. కాబట్టి ఆ ప్రాంతపు వారికి ఏటి చేప, చెరువు చేప, సముద్రపు చేప మూడూ ఎరుకే. కాని అన్ని చేపలూ నిలువుగా వేయించడానికి పనికిరావు. పలకలాగా బల్లపరుపుగా ఉన్న చేప మంచిది. సముద్రపు చందువ అన్నిటికంటె శ్రేష్ఠం, కాని ధర ఎక్కువ. చెరువుల్లో పెంచే రూప్‌చంద్ చేప కూడా అదే ఆకారంలో ఉంటుంది, తక్కువ ధరకు దొరుకుతుంది. దానిని చందువ అని చెప్పి అమ్మేవారు ఉన్నారు గనుక కొనేటప్పుడు నోరు తెరచి చూడండి. రూప్‌చంద్‌కు మనిషి పళ్లవంటి గట్టి పళ్లుంటాయి, చందువకు అలా ఉండవు. కొరమీను మంచి చేపే గాని రోకలిలా గుండ్రంగా ఉంటుంది. దాని నడుముకు వేడి చేరేసరికి తోలు మాడుతుంది. దానిని ముక్కలుగానో పులుసుగానో వండుకోవడమే నయం. శీలావతి, బొచ్చె వంటివాటికి సన్నముళ్లు ఎక్కువ. వాటి సంగతి తరువాత చెబుతాను.

బరువు కూడా చూసుకోవాలి. ఇంటి కళాయిలో నిలువుగా వేయించడానికి ముప్పావు కిలో వరకే నా సలహా. కిలో చేపను కొంటే ముక్కలు కోయించండి. పెళ్లి వంటల పెద్ద మూకుళ్లలో వేసే చేపతో మన ఇంటి కళాయిని పోల్చుకోకూడదు. అంత నూనె మనం పోయము, అంత మంటా మనకు ఉండదు.

ఇప్పుడు ఆ సహోదరి కొన్నంత చేపనే, ఆరువందల గ్రాముల రూప్‌చంద్‌ను తీసుకొని మొదటినుంచి చేద్దాం.

పొలుసు తోక నుండి తలవైపు గీసి తీయండి. మొప్పలు పూర్తిగా లాగేయండి. వాటిలో రక్తం, నీరు నిలిచి ఉంటాయి, నీచు వాసనకు మూలం అవే. పొట్ట కోసేటప్పుడు చేదు తిత్తి పగలకుండా చూడండి. లోపలి నల్ల పొరను, ముల్లు వెంబడి గడ్డకట్టిన రక్తాన్ని గోరుతో గీకి కడగాలి. జన ఉంటే తీసి వేరుగా వండండి. పొట్టలో ఉంచి వేయిస్తే అది వేడికి పగిలి నూనె ఎగజిమ్ముతుంది. రెక్కలు కత్తెరతో కత్తిరించి తోక మాత్రం ఉంచండి, పట్టుకోవడానికి అది కావాలి. ఇంకొక చిన్న పని చాలామంది చేయరు. రెండు కళ్లనూ ముల్లుతోనో పిన్నీసుతోనో గుచ్చాలి. కంటిలో నీరు ఉంటుంది. కాగిన నూనెలో అది ఆవిరై, దారి లేక పేలుతుంది.

గాట్ల విషయం. వేడి పైనుండి లోపలికి నెమ్మదిగా నడుస్తుంది. మందం రెండింతలైతే పట్టే కాలం రెండింతలు కాదు, దగ్గర దగ్గర నాలుగింతలు. రెండు సెంటీమీటర్ల మందమున్న చేప నాలుగు నిమిషాలలో ఉడికితే, నాలుగు సెంటీమీటర్ల చేపకు పదిహేను నిమిషాలు కావాలన్నమాట. అంతసేపు కాగిన నూనెలో ఉంటే చర్మం బొగ్గవుతుంది. గాటు పెడితే నూనె ఆ సందులో దూరి ముల్లు దగ్గరకు నేరుగా చేరుతుంది. మాంసం నాలుగు సెంటీమీటర్ల దిమ్మగా కాక, వేలెడు వెడల్పు పలకలుగా ఉడుకుతుంది. కాలం బాగా తగ్గుతుంది.

గాటు పెట్టడానికి కత్తి బాగా పదునుగా ఉండాలి. మొండి కత్తి చర్మాన్ని లాగి చింపుతుంది, ఆ చిరుగు నూనెలో పెద్దదవుతుంది. తల వెనుక, అన్నిటికంటె మందమైన చోట మొదలుపెట్టండి. వీపునుండి పొట్టవైపు కొంచెం ఏటవాలుగా, నడిమి ముల్లు కత్తికి తగిలేదాకా కోయండి. ముల్లును తెంచకూడదు, తగిలితే చాలు. పొట్ట దగ్గర మాంసం పలుచన, అక్కడ గాటు దిగకూడదు. దిగితే పొట్ట విచ్చుకుంటుంది. ఒక గాటుకు ఇంకొక గాటుకు మధ్య బొటనవేలి వెడల్పు కంటె కొంచెం ఎక్కువ, అనగా రెండు, రెండున్నర సెంటీమీటర్లు ఉండాలి. మన ఆరువందల గ్రాముల చేపకు ఒక్కొక్క వైపు మూడు నాలుగు గాట్లు సరిపోతాయి. తోక దగ్గర అవసరం లేదు. రెండవ వైపు కూడా అలాగే. ఇక్కడ పొదుపు చేస్తే ఆ వైపు పచ్చిగా మిగులుతుంది.

గాటువల్ల ఇంకొక లాభం ఉన్నది. వేడి తగలగానే చర్మం ముడుచుకుంటుంది. గాట్లు లేకపోతే చేప విల్లులా వంగి, నడుము నూనెకు అందదు. గాట్లున్న చర్మం ముడుచుకున్నా గాట్లు విచ్చుకొని చేప తిన్నగా ఉంటుంది.

శీలావతివంటి ముళ్ల చేపకు మాత్రం గాట్లు ఎక్కువ కావాలి. వీపు భాగంలో అర సెంటీమీటరు దూరంలో వరుసగా దగ్గరదగ్గరగా కోస్తారు. అలా కోస్తే మాంసంలో ఉన్న సన్నముళ్లు తునకలై, బాగా వేగాక పళ్లకింద కరకరలాడిపోతాయి. పిల్లల గొంతులో గుచ్చుకునే భయం చాలావరకు తగ్గుతుంది. అయినా చిన్నపిల్లలకు చేత్తో వెదికి పెట్టవలసిందే.

ఇక తడి. ఈ పనిలో నేను ఎక్కువ సమయం పెట్టమనేది ఇక్కడే. గది వేడిలో ఉన్న ఒక గ్రాము నీటిని మరిగే స్థితికి తేవడానికి ఎనభై కాలరీలు చాలు. ఆ మరిగిన నీటిని ఆవిరి చేయడానికి ఐదువందల నలభై కాలరీలు కావాలి. కాబట్టి తడి చేపను వేస్తే నూనె వేడి అంతా ఆ నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. నూనె చల్లబడుతుంది, చర్మం వేగక ఉడుకుతుంది, మెత్తబడి కళాయికి అంటుకుంటుంది. నూనె కింద చిక్కిన నీటిబొట్టు ఒక్కసారిగా ఆవిరై ఉబ్బి, తన మీదున్న నూనెను పైకి విసురుతుంది. ఆ అత్తమ్మగారి చేతిమీద పడ్డది అదే.

కడిగిన చేపను పాత నూలు గుడ్డతో ఒత్తి తుడవండి. పైనే కాదు, పొట్టలోపల, మొప్పల గుంటలో, గాట్లు విప్పి ఒక్కొక్కదానిలో. తరువాత ఒకటిన్నర చెంచాల ఉప్పు, అర చెంచా పసుపు పైనా, గాట్లలోనూ రుద్ది పావుగంట ఉంచండి. ఉప్పు మాంసంలోని నీటిని బయటికి లాగుతుంది, పళ్లెంలో ఆ నీరు కనబడుతుంది. దానిని పారబోసి మరల తుడవండి. మొదటిసారి తుడిచినవారు చాలామంది ఈ రెండవసారి తుడవరు, అక్కడే చిక్కు. నిమ్మరసం పట్టించాలనుకుంటే ఉప్పుతోపాటే పట్టించండి, తుడిచిన తరువాత కాదు.

ఆ తరువాత చేపను చేటలోనో జల్లెడమీదనో, కింద గాలి ఆడేట్టు పెట్టి, ఈగలు వాలకుండా పలుచని గుడ్డ కప్పి అరగంట నీడలో ఆరనివ్వండి. ఫ్యాను కింద పెడితే ఇంకా మంచిది. ఎండాకాలంలో అరగంట దాటనివ్వకండి, చేప పాడవుతుంది. ఫ్రిజ్ ఉన్నవారు మూతపెట్టకుండా అందులో రెండు గంటలు ఉంచితే చర్మం చక్కగా ఆరుతుంది. ఆరిందని ఎలా తెలుస్తుంది? మా వైపు చేపలమ్మే ఒక పెద్దమ్మ చెప్పిన గుర్తు ఇది: “సేప సర్మం మీద సెయ్యెడితే కాయితంలాగుండాల, జిగటగుండకూడదమ్మా.” ఇంతకంటె మంచి గుర్తు నాకు తెలియదు.

మసాలా గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. అల్లంవెల్లుల్లి ముద్ద, కారం, ధనియాల పొడి ఇవన్నీ గాట్లలోనూ పొట్టలోనూ మాత్రమే పెట్టండి, చర్మంమీద పూయకండి. ముద్దలో నీరుంటుంది. పైగా చర్మంమీది కారం, వెల్లుల్లి పది నిమిషాల నూనెకు తట్టుకోలేక మాడి చేదెక్కుతాయి. రంగు కావాలంటే పసుపు చాలు. గాట్లలో పెట్టే ముద్దను కూడా నీళ్లు పోయకుండా, గట్టిగా నూరండి. నూనెలో వేసే ముందు, అప్పుడు మాత్రమే, పొడి బియ్యప్పిండి పలుచగా చల్లి, తోక పట్టి దులపండి. ముందే చల్లి ఉంచితే పిండి తడి పీల్చి బంకవుతుంది.

నూనె. ముప్పై సెంటీమీటర్ల వెడల్పున్న కళాయిలో లీటరు నూనె పోస్తే ఈ చేప సగానికి పైగా మునుగుతుంది. నూనె కళాయిలో సగం దాటకూడదు. చేప దిగగానే నురగ పైకి వస్తుంది, దానికి చోటు ఉండాలి. శుద్ధిచేసిన వేరుసెనగ నూనె మంచిది. గానుగ నూనె రుచే గాని, తక్కువ వేడికే పొగ వస్తుంది గనుక ఇంత వేపుడుకు అనుకూలం కాదు.

ఎంత కాగాలి? వేడి కొలిచే సాధనం మన ఇళ్లలో ఉండదు. బజ్జీల పిండి కొంచెం కలిపి ఒక్క చుక్క వేసి చూడండి. చుక్క అడుగుకు వెళ్లి నెమ్మదిగా పైకి లేస్తే నూనె నూటయాభై, నూటఅరవై డిగ్రీల దగ్గర ఉన్నది. సగందాకా మునిగి వెంటనే లేస్తే నూటడెబ్బై, నూటఎనభై. మునగకుండా పైనే చెదిరి ఎర్రబడితే నూటతొంభై దాటింది. పొగ కనబడితే మంట తగ్గించి కొంతసేపు ఆగాలి.

చిన్న చేపకు ఎక్కువ వేడి, తక్కువ కాలం. పెద్ద చేపకు తక్కువ వేడి, ఎక్కువ కాలం. ఇది తారుమారైతేనే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. నూరు, నూటయాభై గ్రాముల చిన్న చేపలకు నూటఎనభై డిగ్రీలలో నాలుగైదు నిమిషాలు చాలు. పావుకిలో, మూడువందల గ్రాముల చేపకు అదే వేడిలో ఏడెనిమిది నిమిషాలు. అరకిలో, ఆరువందల గ్రాములకు నూటఅరవైఐదు, నూటడెబ్బై డిగ్రీలలో పది పన్నెండు నిమిషాలు. ముప్పావు కిలోకు నూటఅరవై దగ్గర పదమూడు పదిహేను నిమిషాలు. ఇవి గాట్లు పెట్టిన బల్లపరుపు చేపకు, రెండు వైపులూ కలిపి. బరువుకంటె మందం ముఖ్యం గనుక, అదే బరువున్నా లావుగా ఉన్న చేపకు రెండు నిమిషాలు కలుపుకోండి. ఫ్రిజ్ నుండి తీసిన చేపను పావుగంట బయట ఉంచి వేయండి.

ఒక సంగతి గమనించండి. అరకిలో దాటిన చల్లని చేప లీటరు నూనెలో పడితే నూనె వేడి ఒక్కసారిగా ముప్పై, నలభై డిగ్రీలు పడిపోతుంది. కాబట్టి మన చేపకు నూటడెబ్బై కావాలంటే నూనెను మొదట నూటఎనభై పైకి, పిండిచుక్క దాదాపు మునగనంత వేడికి తేవాలి. చేప వేశాక రెండు నిమిషాలు మంట తగ్గించకండి. తరువాత మధ్యస్థం చేయండి. ఒకేసారి రెండు చేపలు వేస్తే ఈ లెక్కంతా తప్పుతుంది.

వేసేటప్పుడు తోక పట్టుకొని, తల ముందుగా, మీకు అవతలివైపు పడేట్టు నెమ్మదిగా జార్చండి. పైనుండి వదలకండి. పొయ్యి దగ్గర పిల్లలు, పెద్దవాళ్లు కూర్చోకూడదు. కట్టెపొయ్యి అయితే వేసే ముందే ఒక కట్టెను వెనక్కి లాగి ఉంచుకోండి, గ్యాసులాగా దానిని తిప్పి తగ్గించలేము.

మొదటి మూడు నిమిషాలు చేపను కదపవద్దు. అంటుకున్నట్టు కనిపించినా గరిటె పెట్టవద్దు. చర్మంలోని తడి పోయి గట్టిపడగానే అది తనంతట తానే కళాయిని వదులుతుంది. ముందే కెలికితే ఊడుతుంది. మునగని పైభాగంమీద, ముఖ్యంగా గాట్లలో, గరిటెతో కాగిన నూనె పోస్తూ ఉండండి. ఆరు నిమిషాలకు రెండు గరిటెలతో, తల కింద ఒకటి, తోక కింద ఒకటి పెట్టి ఒకేసారి తిప్పండి. రెండవ వైపు అయిదు నిమిషాలు చాలు. చివరి నిమిషం మంట పెంచండి. నూనె వేడెక్కితే చర్మం కరకరలాడుతుంది, చేప నూనె తక్కువ పీలుస్తుంది.

చెవి పెట్టి వినండి. మొదట పెద్ద పెద్ద బుడగలు, వానజోరు వంటి శబ్దం. లోపలి నీరు తగ్గేకొద్దీ బుడగలు చిన్నవై శబ్దం సన్నబడుతుంది. అప్పుడు తల వెనుక ఉన్న మొదటి గాటును చెంచా కొసతో విప్పి ముల్లు దగ్గర చూడండి. మాంసం గాజులా మెరవక తెల్లబడి, ముల్లు నుండి విడిపోతే ఉడికినట్టే. అక్కడ అరవైమూడు డిగ్రీల వేడి చేరితే చేప తినడానికి సిద్ధం. ఇంకా గులాబిరంగు కనబడితే మంట తగ్గించి రెండు నిమిషాలు ఉంచండి. పైన ఇప్పటికే ముదురు రంగు వచ్చి ఉంటే నూనెనుండి తీసి నాలుగు నిమిషాలు పక్కన పెట్టండి, పైవేడి లోపలికి నడుస్తుంది. తరువాత ఒక్క నిమిషం మరల వేయండి.

తీసిన చేపను జల్లెడమీద నిలబెట్టినట్టు పెడితే నూనె కారుతుంది. పళ్లెంలో పడుకోబెడితే కింది వైపు చర్మం ఆవిరికి మెత్తబడుతుంది. పాత వార్తాపత్రికమీద మాత్రం వేయకండి. అచ్చు సిరా నూనెకు కరిగి తిండిలోకి వస్తుందని 2016లో భారత ఆహార భద్రతా సంస్థ ప్రజలను హెచ్చరించింది. వడ్డించే ముందు మూత పెట్టవద్దు, పెడితే పడిన శ్రమంతా పది నిమిషాలలో చెమ్మగిల్లుతుంది.

ఆ అత్తమ్మగారి బొబ్బలమీద పసుపు, పళ్లపొడి పెట్టామని కూడా ఆ సహోదరి వ్రాశారు. అవేవీ వద్దు. నూనె పడిన వెంటనే గాజులు, ఉంగరాలు తీసివేసి, మామూలు చల్లని నీటి ధార కింద ఇరవై నిమిషాలు ఉంచాలి. కుళాయి లేకపోతే చెంబుతో పోస్తూ ఉండాలి. ఐసు పెట్టకూడదు, బొబ్బ చిదపకూడదు. శుభ్రమైన పలుచని గుడ్డ కప్పి, అరచేతికంటె పెద్దగా కాలినా, ముఖంమీద పడినా, చిన్నపిల్లలకైనా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. నూనె అంటుకొని మండితే నీళ్లు పోయవద్దు, మంట ఎగసిపడుతుంది. మంట ఆర్పి లేదా కట్టెలు లాగి, గట్టి మూత పెట్టి, చల్లారేదాకా తీయకండి.

మిగిలిన నూనెను చల్లార్చి గుడ్డలో వడకట్టి, వేరే సీసాలో పోసి ఉంచండి. అడుగున మాడిన పిండి అందులోకి రాకూడదు. మరొక్కసారి చేప వేపుడుకే వాడుకోవచ్చు. నల్లబడినా, చిక్కబడినా, వేడి చేయగానే నురగ కట్టినా ఇక దానిని వంటకు వాడవద్దు.